లాకు అరుగు మీద సోమవారం

ఎదురుగాలి ఎక్కువైంది. తాడు భుజానికేసుకుని పడవ లాగే వాళ్ళు అడుగు తీసి అడుగు వేయలేక కాలవ గట్టు మీద కూలబడ్డారు. పడవలో కూర్చుంటే దోమలు, దిగితే ఎండ. ఎండే నయమనిపించి నేను చేతికర్ర పుచ్చుకుని గట్టు వెంట నడక సాగించాను. పడవల్ని ఎత్తి దించే లాకు ఇంకా చాలా దూరం. ఆషాఢం చివరి రోజులు. కాలవకి అవతల పక్క పొలాల్లో ఆడవాళ్ళు వంగి నాట్లు వేస్తున్నారు. కాలవలో నీళ్ళు గట్టు అంచుకి కాస్త దిగువగా నిండుగా పోతున్నాయి.

వెనక నుంచి వచ్చి నన్ను దాటబోయిన మనిషి దాటకుండా ఆగాడు. నల్లటి మనిషి, చెవులకి పోగులు, ఛాతీ మీద అడ్డంగా తోలు డవాలి, దానికి ఇత్తడి బిళ్ళ. కాలవ లస్కరు అన్నమాట. గట్లు చూసుకోవడం, తూములు ఎత్తడం, దించడం వీళ్ళ పని.

"ఆయ్, తమరికి సదువొచ్చాండీ?" అన్నాడు.

వచ్చునన్నాను. తలపాగా మడతలోంచి ఒక కాగితం తీసి రెండు చేతులా ఇచ్చాడు. "లాకు కాడ గుమాస్తాగారు ఒకసారి సదివేరండి. ఆనక మా ఊరి పంతులుగారు సదివేరు. తమరు కూడా ఓసారి సదవండి. ఇద్దరూ ఏదైనా వొదిలేసేరేమో అని."

నడుస్తూనే చదివాను. సెక్షన్ ఓవర్సీయరు జోగేశ్వరరావు గారు తన కింద పనిచేసే లస్కర్లందరికీ రాసినది. దస్తూరి ముచ్చటగా ఉంది. అందులో మాటలు నాకు గుర్తున్నంత వరకు ఇవి:

"మన సెక్షన్‌లో కూలి ముఠా ఒక్కటే. గట్లు అనేకం. ఇంతవరకు ఎవరు ముందు వచ్చి అడిగితే వారికి మనుషులను పంపుతూ వచ్చాను. అందువలన ఒకచోట పని సగంలో ఆగుతున్నది, ఒకచోట అవసరం లేని పని జరుగుతున్నది. ఇకమీదట ప్రతి సోమవారం ఉదయం నీటిమట్టం చూసుకున్న పిమ్మట అందరూ లాకు అరుగు వద్దకు రావలెను. మీరు వచ్చునంతసేపు గట్టు మీద మీ ఇంటివారిలో ఒకరిని కాపు ఉంచవలెను. ఎగువ నుంచి దిగువకు వరుసగా ఒక్కొక్కరు తన మేరలో నీరు ఎంత ఉన్నది, గట్టు ఎట్లున్నది, ఈ వారం ఏమి పని కావలెను అన్నది చెప్పవలెను. అందరూ విన్న తరువాత ముఠా ఏ మేరకు పోవలెనో అక్కడే నిర్ణయిస్తాను. ఎవరూ విడిగా నా ఇంటికి వచ్చి చెప్పరాదు. అందరి ఎదుట చెప్పిన పనికే మనుషులను ఇస్తాను. గండి పడితే మాత్రం వారం చూడక వెంటనే కబురు చేయవలెను."

చదవడం అయిపోయింది. అతను ఇంకా వింటున్నట్టే తల వంచి నడుస్తున్నాడు.

"అంతేనాండీ?"

"అంతే."

"సుట్టాల ముందు సెప్పక్కర్లేదని ఎక్కడా లేదా?"

లేదన్నాను. కాగితం తీసుకుని మళ్ళీ మడతలో పెట్టేసుకున్నాడు.

ఉత్తరం మంచిదే. రాసినవాడు బుద్ధిమంతుడు. అంతకు ముందు ఓవర్సీయరు గారి దొడ్డిగుమ్మంలోకి పులస ముక్క ఎవరు పంపితే ముఠా వాళ్ళ గట్టుకి పోయేదని తరవాత పడవలో విన్నాను. పూర్వపు రాజులు కూడా కొలువు పెట్టి అందరినీ ఒక్కచోట అడిగేవారని పుస్తకాల్లో చదువుతాం. కాని ఆ కొలువుల్లో ఎందరు నోరు విప్పారన్నది పుస్తకాలు రాయవు. మన వైపు మనిషిని బావున్నావా అని అడిగితే, ఇంట్లో శవం లేచిన మర్నాడైనా సరే, బానే ఉన్నామండి అంటాడు. నేను కాశీ నుంచి కుంభకోణం దాకా తిరిగాను. ఈ జబ్బు ఇంత ముదిరినది గోదావరికి రెండు పక్కలా తప్ప చూడలేదు. అలాంటి చోట నలుగురిలో నీ గట్టు ఎలా ఉందో చెప్పమంటే చిన్న సంగతా?

అతని పేరు పోతురాజు. వాళ్ళది చేపలు పట్టుకునే ఇల్లు. తండ్రి గోదావరిలో వల వేసుకుని బతికాడు. ఆనకట్ట కట్టి కాలవలు తవ్విన తరవాత, నీటి నడక తెలిసిన వాళ్ళు కావాలని ఈ ఇళ్ళలోంచి కొందరిని లస్కర్లుగా తీసుకున్నారు. పోతురాజు ఆ డవాలి వేసుకుని చాలా ఏళ్ళయింది. అతనిది కాలవ చిట్టచివరి మేర. దానికి పైమేర పల్లంరాజుది. ఇద్దరూ ఈడువాళ్ళు. ఇద్దరి మేరలూ కలిసే చోట తాటిదుంగ మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూ, ఈ వారం నీకు, వచ్చే వారం నాకు అని మనుషుల్ని సర్దుకునేవారు. ఓవర్సీయరుకి ఆ సంగతే తెలియదు. ఆ దుంగ మీదే పోతురాజు కూతురు లోవమ్మని పల్లంరాజు కొడుక్కిచ్చే మాట కూడా కలిసింది.

"ఇప్పుడు దానికి ఏడో నెలండీ" అన్నాడు. "గురువారం బండి కట్టుకెళ్ళి పురిటికి తెచ్చుకోవాలి. మా సుబ్బాయమ్మ అప్పుడే మంచం నేయించేసింది."

"మరి దిగులెందుకయ్యా?"

అతను గట్టు దిగి, ఒక తుమ్మపొద అవతల చూపించాడు. గట్టు పాదంలో, పొలం వైపు, అరచేతి మేర బురద తడిగా మెరుస్తోంది. "ఇది నా మేర కాదండి, పల్లంరాజుది. ఇలాంటిదే నా మేరలో ఇంకా పెద్దది ఉందండి. ఎండ్రకాయ బొరియ పెట్టినట్టుంది. తేటనీరు ఊరితే భయం లేదు, గట్టు సెమర్చినట్టే. మొన్నటి దాకా తేటగానే ఊరింది. శనివారం నుంచి బురదనీరండి."

"అంటే?"

"అంటే నీరుతో పాటు లోపలి మట్టి వొచ్చేత్తోంది. లోపల గట్టు డొల్లయిపోతోంది." ఆ బురదని కాలివేలితో నొక్కుతూ అన్నాడు. "పోయిన సోమవారమే సెప్పాల్సిందండి. అప్పటికి తేటే. ఇద్దరు మనుషులైతే సాలును."

"ఎందుకు చెప్పలేదు?"

"మా బావగారు నాకన్నా ముందు సెప్పేరు కదండీ, ముఠా తనకి కావాలని. ఆరి తూము మేట వేసేసింది, రైతులు నాట్లకి నీరు లేక తిడుతున్నారు. ఆయన అడిగాక, పిల్లనిచ్చుకున్నోణ్ణి, పదిమంది మధ్య కాదు నాకివ్వండి అని ఎలాగంటాను? దుంగ మీద అయితే అందును. పిల్ల అక్కడుందండి." మళ్ళీ గట్టెక్కి గబగబా నడవసాగాడు. "బానే ఉందండీ అనేసేను."

ఇవాళ మళ్ళీ సోమవారమే కదా, ఇవాళైనా చెబుతావా అని అడిగాను. అవతల ఒడ్డున వంగి ఉన్న ఆడవాళ్ళ వైపు చూస్తూ నడిచాడు.

లాకు దగ్గర అరుగు మీద ఓవర్సీయరు గారు చాపేసుకుని కూర్చున్నారు. సన్నగా, పొడుగ్గా, ముప్పై దాటని మనిషి. నాకు మజ్జిగ ఇప్పించి, మీ పడవ వచ్చేదాకా కూర్చోండన్నారు. లస్కర్లు కింద వరసగా నిలబడ్డారు. ఎగువ మేర ముసలయ్యది. ఆయన పేరుకు తగ్గవాడే.

"ముసలయ్యా, నీ గట్టెలా ఉంది?"

"నాకన్నా గట్టిగా ఉందండి బాబూ. నాకే మనుషులు కావాలి, లేవదీయడానికి."

అందరూ నవ్వారు. జోగేశ్వరరావు గారు కూడా నవ్వి, తరవాత వాళ్ళని అడిగారు. వరస పల్లంరాజు దాకా వచ్చింది. భారీ మనిషి, మాట నిదానం. తన తూములో మేట సగమే తీశారనీ, ఈ వారం కూడా ముఠా ఉంటేగాని కింది పొలాల్లో నాట్లు పడవనీ చెప్పాడు. అబద్ధమేమీ లేదు. ఓవర్సీయరు గారు తల ఊపారు.

"పోతురాజూ, నీది?"

పోతురాజు బిళ్ళ సర్దుకున్నాడు. పల్లంరాజు పక్కనే ఉన్నాడు, భుజాలు రాసుకునేంత దగ్గర.

"నా గట్టు ఊరుతోందండి. బురదనీరు. ముఠా మొత్తం నాకు కావాలి, ఇవాళే."

జోగేశ్వరరావు గారు నిటారుగా కూర్చున్నారు. "పోయిన వారం బానే ఉందన్నావే?"

"అన్నానండి."

"అప్పుడు బానే ఉందా?"

"లేదండి. అప్పుడూ ఊరింది."

ఎవరూ నవ్వలేదు. "మరి నేను ఉత్తరం రాసిందెందుకయ్యా? దాచుకోవడానికా?" అన్నారాయన, గొంతు పెద్దది చేసి. ఇంకేదో అనబోయి ఒకసారి పోతురాజునీ, ఒకసారి పల్లంరాజునీ చూశారు. వాళ్ళిద్దరికీ చుట్టరికమని ఆయనకు తెలుసు. తెలిసిన సంగతి అప్పుడు తగిలినట్టుంది. ముఠా అంతా పోతురాజు మేరకు పోవాలనీ, గడ్డి, ఇసుక బస్తాలు పడవలో వెనకే పంపుతాననీ, పొలం వైపు ఊట చుట్టూ రింగు కట్టి, నీటి వైపు బొరియ వెతికి బంకమన్ను తొక్కాలనీ చెప్పారు. తరవాత, అందరూ వినేలా, "వచ్చే సోమవారం నుంచి వరస మారుస్తాను. దిగువ నుంచి ఎగువకి చెప్పండి" అన్నారు.

మంచి మార్పే. ఒక వారం ఆలస్యం.

పల్లంరాజు పంచె దులుపుకుని ఓవర్సీయరు గారికి దండం పెట్టాడు. "మా బావగారికి గట్టు కావాలంటే మేం అడ్డమాండీ? నా రైతులకి నేను సెప్పుకుంటాను, మావోళ్ళే ముఠాని తన్నుకుపోయారని." మాటలో కోపం లేదు. వెళ్ళబోతూ పోతురాజు పక్కన ఆగాడు. నేను అక్కడే స్తంభానికి ఆనుకుని ఉన్నాను.

"గురువారం బండి తేకండి బావగారూ."

"అదేంటి బావగారూ, ఏడో నెల ఎళ్ళిపోతోంది."

"గట్టు పని మీద ఉంటారు కదా, ఆ అడావిడిలో పిల్లని ఎక్కడ తిప్పుతారు? మాకాడే పురుడు పోసుకుంటాం. మాకు సేతకాదా?"

"తొలి కాన్పండి. సుబ్బాయమ్మ మంచం..."

"ఆ మంచం మీద తమరు పడుకోండి. గట్టు కాపలాకి పనికొత్తాది."

పక్కనున్న ఇద్దరు ముగ్గురు నవ్వబోయి మానుకున్నారు. నేను కలగజేసుకుని, "పెద్దమనిషివి, గట్టు తెగితే నీ కోడలి పుట్టిల్లు కూడా మునుగుతుంది కదయ్యా" అన్నాను. పల్లంరాజు నన్ను కిందికీ మీదికీ చూసి, "మునక్కూడదనేగా పిల్లని మా ఇంట్లో ఉంచుకుంటున్నాను, పంతులుగారూ" అని సాగిపోయాడు. ఈ గురువారం దాటితే ఎనిమిదో నెల వచ్చేస్తుంది, ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్న పిల్లని ఇల్లు కదిలించరు. అది అందరికీ తెలిసిన ఆచారమే.

జోగేశ్వరరావు గారు అరుగు మీద నుంచి ఇదంతా విన్నారో లేదో చెప్పలేను. వింటే మాత్రం ఆయన చేయగలిగిందేమిటి? ముఠా ఏ గట్టుకో సోమవారం తేల్చగలరు, పురుడు ఏ ఇంట్లోనో తేల్చలేరు.

అప్పుడే ముఠా మేస్త్రీ ఏసురాజు పారలు, తట్టలతో మనుషుల్ని గట్టెక్కించాడు. "ఏంటి బాబాయ్, ఎల్దామా?" అని పోతురాజుని కేకేశాడు. దూరాన నా పడవ తెరచాప కూడా కనిపించింది. గాలి తిరిగింది. పోతురాజుతో ఏదో ఒక మాట అనాలని దగ్గరికి వెళ్ళాను. మీ బావగారిని బతిమాలుకో, గురువారానికి ఇంకా మూడు రోజులున్నాయిగా అని కాబోలు.

అతను కిందపడ్డ ఒక తట్ట తీసి భుజాన వేసుకున్నాడు. నన్ను చూశాడు గాని, ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూశాడు. మళ్ళీ మళ్ళీ దిగువ వైపే, నీటి మీదికే పోతున్నాయి చూపులు. ముఠా కన్నా ముందు గట్టు మీద పడి నడిచాడు. వెనక్కి తిరగలేదు. ఏసురాజు మనుషులు అతన్ని అందుకోవడానికి పరుగు లాంటి నడకతో వెళ్ళారు.