అంచున మిగిలిన తెలుపు

కదిరిలో మా స్టూడియోలో ఫోటోలు దిద్దే పని పన్నెండేళ్లు నా ఒక్కడిదే. పోయినేడు ఒక పిల్ల కొత్తగా చేరింది. నెల తిరక్కుండానే ఓనరు కష్టమైన ఫోటోలన్నీ ఆమెకే ఇయ్యబట్టినాడు. నాకు కడుపు మండేది.

ఒకరోజు ఒక ముసలామె చనిపోయిన భర్త ఫోటో తెచ్చింది. సున్నం గోడ ముందర తీసిన ఫోటో అది. నెరిసిన జుట్టు నల్లగా చేసి, వెనక నీలం పెట్టమనింది. ఓనరు మా ఇద్దరినీ చెరొకటి చేయమన్నాడు.

నీలం పెట్టగానే, వెంట్రుకల సందుల్లో మిగిలిన గోడ తెలుపు తలచుట్టూ గీత మాదిరి మెరిసింది. ఎప్పటిలాగే మాస్క్ అంచును, అంటే మనిషిని వెనకనుంచి వేరుచేసే హద్దును, రెండు పిక్సెళ్లు లోపలికి లాగినా. తెల్లగీత పోయింది. దాంతోపాటు సన్న వెంట్రుకలూ పోయినాయి.

ముసలామె రెండు ప్రింట్లూ చూసి నాది పక్కన పెట్టింది. "ఇది క్షవరం చేయించినట్ల ఉండాది. మా ఆయనకు చెవుల మీద జుట్టు ఎప్పుడూ లేచే ఉంటుంది" అని, ఆ పిల్ల చేసిందాన్ని కొంగుతో తుడిచి తీసుకుంది.

మర్నాడు ఆ పిల్ల అన్నానికి పోయినప్పుడు ఆమె చేసిన ఆ ఫోటో ఫైలు దొంగగా తెరిచినా. ఒక్కో మార్పు ఒక్కో పొరగా, లేయర్లు కలపకుండానే పెట్టింది. ఒక్కోదానికీ తెలుగులో పేరు. "బ్రష్‌తో సన్న వెంట్రుకలు మాస్క్‌లోకి తెచ్చినా." "అంచులో గోడ రంగు తీసేసి, పక్కనున్న జుట్టు రంగు నింపినా."

అన్నిటికంటే పైన ఒక ఖాళీ లేయరు ఉండాది. దాని పేరు: "అన్నా, అంచు లోపలికి లాగొద్దు."