చంద్రయ్య సారు పేపరు

మా సైన్సు సారు చంద్రయ్యది గోపన్‌పల్లి. చందానగర్‌లోని మా బడికి సైకిలు మీద వచ్చేవారు. ఆయన చెప్తే ఎంత మొద్దుకైనా పాఠం ఎక్కేది. నేను పదో తరగతి పాసైననాడు మాత్రం విచిత్రమైన దీవెన ఇచ్చారు.

"ఎంతన్న చదువు బిడ్డా. రీసెర్చి జోలికి మాత్రం పోకు. గోడకు చెప్పుకున్నట్టే ఉంటది."

వద్దన్న పని చేయడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. తొంభై ఏడులో వాళ్ల ఊరి పక్కనున్న యూనివర్సిటీలోనే రీసెర్చి స్కాలరుగా చేరాను. మా గైడు భీమేశ్వరరావుగారు ఉప్పునేలలో జొన్న మొలకల మీద నాలుగు పేపర్లు చేతిలో పెట్టి, "వీటి నుంచి వెనక్కీ ముందుకీ వెళ్లమ్మా, మిగతావి అవే దొరుకుతాయి" అన్నారు. అందులో ఎనభై మూడు నాటి పేపరు మీద మొదటి పేరు టి. చంద్రయ్య. రెండోది మా గైడుది. ఈయన మా బడి సారని గైడుకి చెప్పాను.

"మీ సారా?" గైడు కళ్లద్దాలు తీశారు. "నా మొదటి స్టూడెంటమ్మా. విత్తనాన్ని ముందే కాల్షియం లవణం కలిపిన నీళ్లలో నానబెడితే మొలక ఉప్పుకి తట్టుకుంటుందని చూపించాడు. ఏం లాభం? ఏ పేపర్ని ఎవరు ఉదహరించారో చూపే సైటేషన్ ఇండెక్స్ ఏటా చూసేవాణ్ణి, ఒక్కరూ ఆ పేపర్ని ఉదహరించలేదు. ఫెలోషిప్ పొడిగించమని కమిటీని ఏ మొహంతో అడగను? అతనూ మనసు విరిగి మానేశాడు."

గోడ ఏమిటో నాకప్పుడు అర్థమైంది. సారు జీవితంలో అంత పెద్ద గోడ ఉందని బడిలో మాకెవరికీ తెలియదు.

వెనక్కి వెళ్లడం సులువే. ప్రతి పేపరు చివరా ఉన్న రిఫరెన్సులు చూసి, నాలుగింటిలోనూ మళ్లీ మళ్లీ కనిపించే పాత పేపర్లు ముందు తీసుకున్నాను. కానీ ఆ దారిలో పోయేకొద్దీ కాలం వెనక్కే నడుస్తుంది. తర్వాత ఏం జరిగిందో ఏ పేపరూ తన చివర రాసుకోలేదు కదా. ముందుకి వెళ్లాలంటే తార్నాకలో ఒక సంస్థ లైబ్రరీకి పోయి ఇండెక్స్ సంపుటాలు తిరగేయాలి. ఇటుకంత మందం, చీమతలంత అక్షరాలు.

ముందుమాట చదివి మొదలుపెట్టాను. పాత పేపరు ఏదైనా దాని మొదటి రచయిత పేరు కిందే ఉంటుందట. ఆ ఏడు దాన్ని ఉదహరించిన వాళ్ల పేర్లు దాని కింద ఉంటాయట. చంద్రయ్య పేరు తీశాను. ఎనభై అయిదు సంపుటంలో ఒకరు. మరుసటి ఏడు ఇద్దరు. సంపుటం మార్చినప్పుడల్లా ఎవరో ఒకరు. ఒకాయన నా నాలుగు పేపర్లలో మూడింటిని కలిపి ఉదహరించాడు, ఈజిప్టు వాడు. గైడు పేరు కింద చూస్తే ఈ పేపరు ఊసే లేదు. ఆయనకి ఒక్కరూ దొరకలేదంటే వెతికింది ఇక్కడేనన్నమాట.

ఒళ్లు మండిపోయింది. పని అంతా తనదే అనుకోబట్టే కదా తన పేరు కింద వెతికాడు ఈ పెద్దమనిషి! ఆ పేజీల జిరాక్సులు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టి, ఆ మాటే మొహాన అనబోయాను. కాగితాలు చూసి ఆయన కుర్చీలో కూలబడి, "నా పేరు కిందే చూశానమ్మా, ప్రతి ఏడూనూ" అన్నారు.

సారు అప్పటికి కొండాపూర్‌లో ఓ ప్రైవేటు బడికి మారారు. స్టాఫ్‌రూములో, ఆయన్ని ఉదహరించిన పేపర్ల జిరాక్సులు ముందు పెట్టాను. పక్కన బండలు పేలుస్తుంటే కిటికీలు అదురుతున్నాయి. సారు వేలు రిఫరెన్సుల మీద ఒక్కొక్కటిగా జారి తన పేరు దగ్గర ఆగింది.

"ఇంతమంది సదివిండ్రా?"

"చదివిండ్రు సార్. చివర్లో మీరు పొలంల చేసి చూడాలని రాసిండ్రు కదా, ఈజిప్టాయన చేసిండు."

"ఎట్లొచ్చింది?"

"మీరన్నట్టే వచ్చింది సార్."

ఆయన ఆ పేజీని దగ్గరికి లాక్కున్నారు. "అయితే నా పని ఉత్తగ పోలె" అన్నారు. నేను ఆగలేక గైడు చేసిన నిర్వాకమంతా చెప్పేశాను. పని మీది, పేరు ఆయనది అనుకున్నాడు సార్ అని కసిగా అన్నాను.

"అట్లనకు బిడ్డా. అప్పట్ల గైడు పేరే ముందుంటుండె. నేను సారు పేరే ముందు రాసి ఇచ్చిన. సారే కొట్టేసి నా పేరు పైకి తెచ్చిండు. 'కష్టం నీదయ్యా, నీ పేరే ముందుండాలి' అన్నడు." సారు కండువాతో కళ్లు తుడుచుకున్నారు. "అంత మంచిగ చూసుకున్నడు నన్ను."

గంట కొట్టారు. సారు చాక్‌పీసు తీసుకుని ఎనిమిదో తరగతికి వెళ్లారు. ఆ మంచితనం వల్లే పేపరు గైడు పేరు కింద లేకుండా పోయింది. తిట్టుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు నాకు. అక్కడే కూర్చుని ఏడ్చాను.