ఇరవై రెండు చుట్లు

మా గల్లీకి నల్లా నీళ్ళు వదిలేది నేనే. ధర్మసాగర్ నుంచి వచ్చే నీళ్ళు పెద్ద ట్యాంకులో నిండుతాయి. తెల్లవారుజామున గల్లీ మొదట్లో ఉన్న గుంటలోకి వాల్వు తిప్పే పొడవాటి ఇనుప తాళం దించి, ఎడమకు ఇరవై రెండు చుట్లు తిప్పితే వాల్వు తెరుచుకుంటుంది. లెక్కపెట్టడం తప్ప ఇందులో పెద్ద చదువేమీ లేదు. ఆ లెక్క కూడా తప్పిన ఘనుణ్ణి నేను.

రాత్రి పదకొండు దాటాక ఎక్కడో వేరే దేశంలో మ్యాచ్ మొదలయ్యేది. చట్టం వద్దన్నా పందేల యాప్ ఏదో ఒక పేరుతో మళ్ళీ పుట్టేది. మొదటి పందెం సరదాకి, రెండోది మొదటిది రాబట్టడానికి, మూడోది ఎందుకో నాకే తెలియదు. సాయంత్రం కూరగాయల బండి దగ్గర ఐదు రూపాయలకు బేరమాడే మనిషిని, రాత్రి ఒంటిగంటకు మొహం తెలియని బౌలర్ మీద రెండు వేలు పెట్టేవాణ్ణి. పొద్దున్నే చూసుకుంటే నాకే నమ్మబుద్ధి అయ్యేది కాదు. నిద్రలేని బుర్రకు ప్రతి పందెమూ సులువుగానే కనిపిస్తుంది.

రంజాన్ నెలలో ఉపవాసం మొదలవకముందు తినే సహర్ వేళకు అందేలా మూడున్నరకే నీళ్ళు వదలాలి. ఆ రాత్రి నేను అసలు పడుకోలేదు. సగం చుట్లు తిప్పానో లేదో, జేబులో ఫోను మోగింది. చూశాను, ఓడిపోయాను, నన్ను నేనే తిట్టుకుని మళ్ళీ తాళం పట్టాను. ఈసారి కుడికి తిప్పాను. తాళం గట్టిగా ఆగిపోయింది. వాల్వు పూర్తిగా తెరుచుకుందనుకున్నాను. తెరిచినదంతా మూసేసి, హాయిగా ఇంటికెళ్ళి పడుకున్నాను.

లేచేసరికి ఎండెక్కింది. గుంట పక్కింటి గుమ్మం ముందు ఖాళీ బిందెలు బారుగా ఉన్నాయి. అది ఖాలా ఇల్లు. డెబ్బై దాటిన మనిషి, గల్లీలో అందరికీ ఖాలాయే, అంటే పిన్నే. తన ఇంట్లో మిగిలిన ఒక్క బిందెను ఆరిళ్ళకు గ్లాసు గ్లాసు పంచి, తాను ఒక్క గ్లాసు తాగి రోజా ఉపవాసం పట్టిందట. నాది కాంట్రాక్టు కొలువు, ఒక్క ఫిర్యాదుతో పోతుంది. అయినా ఆ క్షణాన కొలువు గుర్తురాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మ్యాచులు, పందేలు, అన్నీ ఆమె ముందు కక్కేశాను.

"ఆఫీసుకు చెప్పను బేటా. గానీ నాదొక మాట. రోజు రాత్రి ఇషా నమాజ్ అయినంక నీ ఫోన్ నా పెట్టెల పెట్టాలె. తెల్లారి నీళ్ళిడిసినంకనే ఇస్త."

"అలారం ఎట్ల ఖాలా?"

"గంట గడియారం కొనుక్కో. గరీబు లెక్క మాట్లాడకు, రెండు వేలు బాల్ మీద పెట్టేటోనివి!"

అలా మొదలైంది. మా ఇంటామెకూ అంతా చెప్పేశాను; ఆమె ఆ రోజే యాప్ తీయించి, జీతం తన ఖాతాకు మళ్ళించుకుంది. అర్జంటుంటే తన ఫోను ఉందిగా అంది. ఎనిమిదిన్నరకు అన్నం, తర్వాత ఇద్దరం గల్లీ చివరి దాకా నడక, తాళమూ టార్చీ తలుపు దగ్గర పెట్టడం, తొమ్మిదిన్నరకు దీపం ఆర్పడం. మొదటి రెండు రాత్రులు పైకప్పు చూస్తూ గడిపాను.

మూడో రాత్రి ఆగలేక ఖాలా తలుపు తట్టాను.

"ఎవరికన్న పాణం బాగలేదా?"

"లేదు ఖాలా... మ్యాచ్."

ఆమె పగలబడి నవ్వింది. "సరే, ఇస్త. జర గీ ఎల్లిపాయలు ఒలిచిపెట్టు."

కూర్చుని ఒలిచాను. పావుగంట గడిచేసరికి గిన్నె సగం నిండింది, ఆ తహతహ కాస్త దిగింది. మ్యాచ్ ఎవరిదో అడగాలన్న ఓపిక కూడా పోయింది. గట్టిగా ఆవలించాను.

"ఆవలింత వచ్చింది. ఇంక పో!"

ఆ నెలంతా ఖాలా ఇంట ఎల్లిపాయలకు కొదవలేదు. తొమ్మిదిసార్లు అలా తలుపు తట్టినట్టున్నాను, ఒక్కసారీ ఫోను తెచ్చుకోలేదు. పోయిన డబ్బు తిరిగి రాలేదు. నిద్ర మాత్రం వచ్చింది. మెలకువ గడియారం కంటే ముందే రావడం మొదలయ్యాక, మా ఇంటామె పొద్దున్నే నా మొహం చూసి నవ్వడం కూడా మొదలైంది. ఎంత సంతోషమేసిందో!

పండుగ దాటి చాలా రోజులకు, ఒక తెల్లవారుజామున తాళం దించి ఎడమకు తిప్పాను. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు. పైపులో నీళ్ళు గలగలమన్నాయి. ఆరు నల్లాలు ఒక్కసారే పారాయి, బిందెలు మోగాయి. ఎవరో "వచ్చినయ్!" అని అరిచారు. నేను ఈల వేసుకుంటూ ఇంటి దారి పట్టాను.

సగం దూరం వచ్చాక వెనకనుంచి చెప్పుల చప్పుడు. ఖాలా ఆయాసపడుతూ పరుగెత్తుకొస్తోంది.

"బేటా, ఆగు! నీ ఫోన్ మరిచినవ్!"