నాలుగు అరలు, ఆరుగురు మనుషులు

ఆ ఇంట్లో పుస్తకాల రాక్ పెట్టడానికి ఒకే ఒక్క గోడ ఉంది. ఒక గోడకు కుట్టుమిషన్, ఒక గోడకు బీరువా, మూడోది స్నానాలగది వైపు గోడ. అది ఎండాకాలంలో కూడా చెమ్మగా ఉంటుంది. దానికి ఆనించిన పుస్తకం ఏదైనా పది రోజుల్లో అప్పడంలా ఉబ్బుతుంది. మిగిలిన నాలుగో గోడకు కిటికీ ఉంది. కిటికీ పక్కన, స్విచ్చి బోర్డు కింద దొరికిన జాగా మూడడుగులు.

మేకు కొట్టడానికి లేదు. ఇంటి ఓనరు ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు చెప్పిన మొదటి మాట అదే, చివరి మాట కూడా అదే. అందుకని ఇంటాయన, వృత్తికి ప్లంబర్, పనిచేసిన చోటల్లా మిగిలిన పైపు ముక్కలు పోగేసి, దానంతటదే నిలబడే రాక్ ఒకటి బిగించాడు. ఎవరో కొత్త తలుపులు పెట్టించుకుని అవతల పారేసిన పాత తలుపు కోసి నాలుగు పలకలు చేశాడు. మూడడుగుల పలక పుస్తకాల బరువుకి మధ్యలో కుంగుతుందని ఆయనకు తెలుసు. ప్రతి పలక నడుం కిందా ఇంకో పైపు పెట్టాడు.

నలుగురు మనుషులు, నాలుగు అరలు. పై అర ఆయనది. రెండోది ఆయన భార్యది. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. పాత వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు కత్తిరించి, వరసగా పేర్చి, మిషన్ మీద లావు సూదితో కుట్టి, అట్ట వేసి పుస్తకం చేస్తుంది. ఆ అరలోవి సగం అలా పుట్టినవే. మూడోది పదకొండేళ్ళ కూతురిది. ఆ పిల్లకు ఇంట్లో అందరూ పెట్టిన పేరు జడ్జమ్మ. ఏ పుస్తకమైనా ముందు వీధి చివర లైబ్రరీలో తెచ్చుకుని చదవాలి, మళ్ళీ చదవాలనిపిస్తేనే కొనాలి అనే చట్టం ఆ ఇంటికి చేసింది ఆ పిల్లే. తండ్రి మీద ఆ చట్టం పనిచేయదు.

అడుగున ఉన్న అర నానమ్మది. ఆవిడకు చదువు రాదు. "రాకపోతే ఏం? ఇంటి మనిషేగా," అని అర రాసిచ్చింది జడ్జమ్మే. ఇచ్చిన వారానికే ప్లంబర్ అందులోకి తన సరుకు దించేశాడు.

ఆ సరుకు పన్నెండు సంపుటాల విజ్ఞాన సర్వస్వం. గోధుమరంగు అట్టలు, వెన్ను మీద బంగారు అక్షరాలు. ఒక్కోటి ఇటుక అంత బరువు. ఆయన చదివిన బళ్ళో హెడ్మాస్టరు గదిలో ఇలాంటిదే ఒక వరస అద్దాల బీరువాలో ఉండేది. తాళంచెవి ఎక్కడుందో హెడ్మాస్టరుకు కూడా గుర్తులేదు. చదువు మానేసేదాకా ఆయన ఆ బంగారు అక్షరాలను అద్దంలోంచే చూశాడు. అందుకే పాతపేపర్ల కొట్లో అది కాటా మీద కనపడ్డప్పుడు ప్లంబర్ బేరం కూడా ఆడలేదు. ఇంటికొచ్చి పేర్చాక తెలిసింది, ఏడోది లేదని. అప్పటినుంచి ఆదివారం ఆదివారం కొట్టుకు వెళ్ళి, "అన్నా, ఏడోది వచ్చిందా?" అని అడుగుతాడు. కొట్టు ఆసామిని ఆ చుట్టుపక్కల అందరూ కాటా అన్న అంటారు. "తమ్ముడూ, వస్తే నీకు కబురు పెట్టనా?" అంటాడు కాటా అన్న. ఏడోది లేకుండా మిగతావి చదవడం మొదలుపెట్టడం ఎందుకని ప్లంబర్ ఒక్కటీ తెరవలేదు.

ఇలా ఉండగా, పెళ్ళయిన పన్నెండేళ్ళకు ఆయన భార్యకు మళ్ళీ నెల తప్పింది. ఆస్పత్రికి వెళ్ళొచ్చి కుర్చీలో కూలబడింది.

"ఏమంది డాక్టరమ్మ?"

"ఇద్దరంట."

ప్లంబర్ కళ్ళు ముందు భార్య వైపు తిరిగాయి, తర్వాత రాక్ వైపు. ఆ చూపు ఎక్కడికి పోయిందో ఆవిడ కనిపెట్టింది.

"అవును, అక్కడికే వస్తున్నా. ఉయ్యాల ఎక్కడో ఒకచోట ఇరికిస్తాం. వీళ్ళ పుస్తకాలెక్కడ పెడతామండీ? చిన్నపిల్లల చేతికి అందేది అడుగు అరే. అడ్డంగా ఓ చెక్క పెడితే ఇద్దరికీ చెరిసగం."

"అమ్మ అర కదా అది."

"అత్తయ్యగారి అరలో అత్తయ్యగారివి ఒక్కటైనా ఉన్నాయా? మీ ఇటుకలేగా ఉన్నవి."

"అవి అడుగున ఉండబట్టే రాక్ నిలబడింది. తీశామా, ముందుకు బోర్లా పడుతుంది. రేపు పిల్లలు పట్టుకుని లేస్తారు, ఆలోచించు."

మాట నిజమే. మేకు లేని రాక్‌కు అడుగున బరువుండాలి. కానీ ఆవిడ రోజూ ఆయన పని గురించి వింటూనే బట్టలు కుడుతుంది.

"పక్కనే కిటికీ ఊచలున్నాయి కదా. పైపుకీ ఊచకీ కలిపి రెండు క్లాంపులు బిగించండి. ఊళ్ళో వాళ్ళందరికీ బిగిస్తారుగా."

ప్లంబర్ లేచి పనిముట్ల సంచి తెరిచాడు. క్లాంపులు బిగించక తప్పలేదు. బిగించాక రాక్ ఏనుగు గుద్దినా కదలనట్టు నిలబడింది. ఆయన వాదన మాత్రం పడిపోయింది.

అప్పుడు జడ్జమ్మ తీర్పు చెప్పింది. "నాన్నవి మాత్రమే తియ్యమంటే అన్యాయం. అందరి పుస్తకాల్లోనూ చీటీలు పెడతా, పైకి కనపడేట్టు. నెలరోజుల్లో ఏ పుస్తకం చీటీ కదలదో అది ఎవరూ తెరవనట్టు. అది ఇంట్లోంచి పోవాలి. నాదైనా సరే, అమ్మదైనా సరే."

"నిఘంటువు?" అంది తల్లి.

"దానికి మినహాయింపు. అవసరమైనప్పుడే తీస్తాం కదా."

"నాది కూడా అలాంటిదే," అన్నాడు ప్లంబర్ ఆశగా.

"నీకు ఎప్పుడైనా అవసరం పడిందా నాన్నా?"



నెల మొదలైంది. ప్లంబర్ నిజంగానే చదువుదామనుకున్నాడు. మొదటి సంపుటం తీసుకుని మంచం మీద వాలాడు. 'అంకగణితం' దగ్గర కునుకు పట్టి, పుస్తకం ముక్కు మీద పడి లేచాడు. పదకొండు సంపుటాలు ఇలా తెరవాలంటే ముక్కు మిగలదని అర్థమైంది. మర్నాడు మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు, భార్య గుండీలు కొనడానికి వెళ్ళడం చూసి, పదకొండు చీటీలూ చకచకా లాగి జేబులో వేసుకున్నాడు. నానమ్మ మూలన కూర్చుని చూస్తూనే ఉంది.

"ఒరే, ఏంట్రా పీకుతున్నావు?"

"దుమ్ము దులుపుతున్నానమ్మా."

"చేత్తోనా?"

నెలాఖరున జడ్జమ్మ రాక్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తన అరలోంచే ఐదు పుస్తకాలు బయటపడ్డాయి. ఒక్కోదాని అట్ట తుడిచి పక్కన పెట్టింది. తల్లి అరలోంచి పాత డిజైన్ల పుస్తకాలు మూడు పోయాయి. తండ్రి పై అరలోంచి ఒక నవల, అది ఇంట్లో ఉందని మరిచిపోయి ఆయన రెండోసారి కొన్నదే. ఇక అడుగు అర.

"చూశావా," అన్నాడు ప్లంబర్ గర్వంగా. "ఒక్క చీటీ లేదు. అన్నీ తిరగేశా."

"పైన చీటీలు లేవు నాన్నా. లోపలవి?"

"లోపలేంటి?"

"ప్రతి పుస్తకంలోనూ రెండు పెట్టా. ఒకటి కనపడేది. ఇంకోటి మధ్య పేజీల్లో, సన్నది. నంబరు కూడా రాశా."

 భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొట్ట పట్టుకుని నవ్వొద్దని డాక్టరమ్మ చెప్పలేదు కాబట్టి తర్వాత కొంగు తీసేసి నవ్వింది.

జడ్జమ్మ ఒక్కో సంపుటం విప్పింది. ఒకటి, ఉంది. రెండు, ఉంది. ముక్కు మీద పడ్డ సంపుటంలోనూ చీటీ భద్రంగానే ఉంది, 'అంకగణితం' దాటితేగా! మూడు విప్పింది. లేదు. అటూ ఇటూ దులిపింది. లేదు. ఎనిమిదిలో లేదు. పదిలో లేదు.

"ఈ మూడూ నిజంగా చదివావా నాన్నా?"

ఔనని ఆయనకు నాలుక చివరిదాకా వచ్చింది. కూతురి మొహం చూసి ఆగిపోయాడు. "లేదమ్మా," అన్నాడు.

"ఇవేనా మీరు వెతికేది?" అంది నానమ్మ. రొంటిన దోపుకున్న చిన్న సంచీ విప్పి మూడు చీటీలు తీసింది. మూడు, ఎనిమిది, పది. "అందులోంచి రాలాయి. పారేస్తే ఏమంటారోనని దాచా."

"నువ్వు తెరిచావా నానమ్మా? నీకు చదవడం..."

"చదవడం రాదు. చూడ్డం వస్తుంది కదే. ఈ మూడోదాంట్లో కొంగలు, ఎన్ని రకాలో! ఎనిమిదోదాంట్లో పడవలు. మీరంతా పనుల్లోకి పోయాక ఏం చేసేదాన్ననుకున్నారు? నా అర అని ఇచ్చారు, నా అరలోవి నేను చూసుకున్నా. ఆ మూడూ ఎక్కడికీ పంపేది లేదు. కావాలంటే నా మంచం కింద పెట్టుకుంటా. పిల్లలొచ్చాక వాళ్ళకి కొంగల్ని చూపించాలి."

తీర్పు మీద తీర్పు అయిపోయింది. మూడు సంపుటాలు నానమ్మకు, మిగతా ఎనిమిదీ కాటాకు.

ఆదివారం ప్లంబర్ ఎనిమిది సంపుటాలూ పనిముట్ల సంచిలో వేసుకుని, భుజం ఒరిగిపోతుండగా కొట్టుకు నడిచాడు. దూరంనుంచే కాటా అన్న చేతులూపాడు.

"తమ్ముడూ! నీకే కబురు పంపబోతున్నా. వచ్చింది!"

"ఏది?"

"ఏదంటావేంటి? నీ ఏడోది!"

గోధుమరంగు అట్ట, బంగారు అక్షరాలు. ప్లంబర్ భుజం మీది సంచి కిందకు దించాడు. కాటా అన్న సంచిలోకి తొంగిచూశాడు, మళ్ళీ ఆయన మొహంలోకి చూశాడు.

"అమ్మడానికొచ్చావా? ఇన్నేళ్ళూ నా ప్రాణం తీసి, ఇవాళా?"

ప్లంబర్ పేపర్ల కట్ట మీద కూర్చుని ఏడో సంపుటం తెరిచాడు. ఎవరూ చీటీ పెట్టలేదు, ఎవరూ పరీక్షించడం లేదు. 'నీటి సరఫరా' అన్న చోట చెయ్యి ఆగింది. ఎప్పుడో మట్టిపైపులతో మనుషులు నీళ్ళు ఎలా పారించుకున్నారో బొమ్మలతో ఉంది. ఒక పైపు మూతిలోకి ఇంకోటి దూర్చి, సందు పూడ్చే పద్ధతి. "ఇదేగా నిన్న నేను చేసింది!" అని పైకే అన్నాడు. కాటా అన్న రెండు బేరాలు ముగించినా ఆయన తల ఎత్తలేదు.

చివరికి బరువుకు బరువు మాట్లాడుకున్నారు. ఎనిమిది సంపుటాలు కాటాలో ఒకవైపు. రెండోవైపు ఏడోది, ఆపైన పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా చిరగని దళసరి అట్టల బొమ్మల పుస్తకాలు, తూకం సరిపోయేదాకా. పేజీలు అన్నీ ఉన్నాయో లేదో ప్లంబర్ ఒక్కొక్కటే లెక్క చూసుకుని సంచిలో వేసుకున్నాడు. అది ఏడోది లేని పన్నెండు సంపుటాలు నేర్పిన పాఠం.

సంచి చూసి భార్య నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఇవ్వడానికి వెళ్ళారా, తేవడానికా?"

"పిల్లలవి అడుగు అరలో పెట్టు. ఈ ఒక్కటీ నా పై అరలోనే. ఆ నవల పోయిన ఖాళీలో సరిగ్గా పడుతుంది, కొలుచుకున్నా."

జడ్జమ్మ ఏడో సంపుటం అందుకుని, మధ్యలో సన్నటి చీటీ దూర్చి తండ్రికి ఇచ్చింది. "నెల రోజులు నాన్నా."

ఆయన అందరి ముందూ దాన్ని తెరిచి, చీటీ తీసి కూతురి చేతిలో పెట్టాడు. "ఇది నువ్వే ఉంచుకో. నాకు అడ్డం," అని కిటికీ దగ్గర కూర్చున్నాడు.

కాసేపటికి నానమ్మ మంచం మీంచి అడిగింది. "ఒరే, దాంట్లో కొంగలున్నాయా?"

"పైపులున్నాయమ్మా."

"అయితే నువ్వే చూసుకో."