ఆగయ్య ఇంట్లో చేయాల్సిన మార్పులు

కోరుట్ల పక్క ఊళ్లో ఆగయ్య నలభై రెండేళ్లు కల్లు గీయడానికి తాటిచెట్లు ఎక్కాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒక వానాకాలం సగం చెట్టు మీంచి జారిపడ్డాడు. చుట్టూ ఎవరూ లేరు. లేచి, నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. ఆ సంగతి భార్య లసుమవ్వకు మూడు రోజుల తర్వాత తెలిసింది, అదీ వేరేవాళ్లు చెబితే.

రెండువేల పదకొండు జూలైలో అతనికి పక్షవాతం వచ్చింది. ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. అరవై ఏడేళ్లు. కరీంనగర్ దవాఖానలో పన్నెండు రోజులు ఉంచారు. మాట పోలేదు. ఆగస్టు చివరికి, పక్కన ఒకరుంటే, నాలుగు కాళ్ల చేతికర్ర పట్టుకొని ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాడు.

సెప్టెంబరు మొదటి వారంలో జగిత్యాలలోని ఒక పునరావాస కేంద్రం నుంచి సరిత వచ్చింది. ఆక్యుపేషనల్ థెరపిస్ట్. సిరిసిల్ల మరమగ్గాల ఇంటి పిల్ల. వాకిట్లో నిలబడ్డ లసుమవ్వ ఆమెను చూసి, "కసరత్తు జేపిచ్చే మేడం అచ్చింది" అని లోపలికి చెప్పింది.

"కసరత్తు గాదవ్వా" అంది సరిత. "తాత పొద్దున లేసిన కాన్నుంచి ఏమేం జేసుకుంటడు, ఇల్లు ఆయనకు ఏడ అడ్డం పడుతుంది, అది జూడనీకి అచ్చిన."

"ఇల్లు అడ్డం పడుడేంది బిడ్డా" అన్నాడు ఆగయ్య మంచం మీంచి. "నేను కట్టిన ఇల్లే గదా."

"సరే. నీకేం కావాలె తాతా? చెప్పు."

ఆగయ్య పెరటి తలుపు వైపు చూశాడు. "దొడ్డికి నా అంతల నేను పోవాలె. ఇంకేం అద్దు."

ఆమె టేపు తీసింది. మంచం ఎత్తు పదమూడు అంగుళాలు, నులక మధ్యలో కుంగింది. అతని మోకాలి వెనక నుంచి మడమ వరకు పదిహేడు. గడప ఎత్తు అయిదు. పెరట్లోకి రెండు మెట్లు, ఒక్కొక్కటి తొమ్మిది అంగుళాలు. మరుగుదొడ్డి ఇరవై రెండు అడుగుల దూరం. నేల మీద కూర్చునే రకం. తలుపు లోపలికి తెరుచుకుంటుంది.

తర్వాత అతన్ని లేవమంది. అతను లేస్తుంటే తాను ఎడమ పక్కన నిలబడింది, కానీ పట్టుకోలేదు. మొదటిసారి వెనక్కి కూలబడ్డాడు. రెండోసారి పాదాలు వెనక్కి జరుపుకొని, ముందుకు వంగి లేచాడు. లేచేసరికి చెమట పట్టింది. లసుమవ్వ చేయి చాపింది. సరిత వద్దని తల ఊపింది.

నాలుగు రోజులకు రిపోర్టు వచ్చింది. మూడు పేజీలు. ఇంగ్లీషులో ఒక ప్రతి, తెలుగులో ఒక ప్రతి. ఆర్టీసీలో కండక్టరు అయిన కొడుకు నరేశ్ దాన్ని తండ్రికి చదివి వినిపించాడు. మంచం కోళ్ల కింద గుంట ఉన్న చెక్క దిమ్మలు పెట్టాలి, నులక మీద పలక వేయాలి. గడపకు ఇటూ అటూ సగం ఎత్తు మెట్టు కట్టాలి. పెరటి మెట్లు రెండింటిని నాలుగు చేయాలి. వాటికి రెండు వైపులా ఇనుప కడ్డీలు. దొడ్డి మీద మధ్యలో ఖాళీ ఉన్న కుర్చీ. కూర్చున్నప్పుడు అతని కుడిచేతి వైపు గోడకు ఒక కడ్డీ. తలుపు బయటికి తెరుచుకోవాలి, ఎందుకంటే లోపల పడిపోతే అతనే తలుపుకు అడ్డం పడతాడు. చివరి పేరా కింద సరిత పెన్నుతో గీత గీసింది. అతన్ని ఎత్తవద్దు. చంకల కింద పట్టి లేపవద్దు. ఆలస్యమైనా అతన్నే లేవనివ్వాలి. మూడు వారాలకు మళ్లీ వచ్చి చూస్తాను.

మేస్త్రీ బక్కయ్యను పిలిచారు. అతను పెరట్లో నిలబడి లెక్క వేసుకున్నాడు.

"కడ్డీ ఒక్క దిక్కు సాలదార నరేశూ? రెండెందుకు?"

"బాపుకు కుడిచేయి ఒక్కటే పనిజేస్తది. పోయేటప్పుడు కుడి దిక్కు ఇటు, వచ్చేటప్పుడు కుడి దిక్కు అటు."

బక్కయ్య పెరట్లోకి నడిచి, వెనక్కి తిరిగి వచ్చాడు. "అవ్ రా. గా పిల్ల తెలివిగల్లది."

"ఎన్నొద్దులు పడుతది?"

"పని రెండొద్దులు. సిమెంటు గట్టివడేదాక వారం రోజులు తొక్కద్దు, కడ్డీ గుంజద్దు."

"వారం రోజులు బాపు ఎటు పోవాలె?"

"నాకేం ఎరుక."

"ఎత్తుకపోత తియ్" అన్నాడు నరేశ్.

బక్కయ్య నవ్వాడు. "ఎత్తుకపోయేటోనివైతే మెట్లెందుకురా మల్ల?"

అందరూ నవ్వారు. ఆగయ్య కూడా నవ్వాడు.

ఆ వారమే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఇసుక ట్రాక్టర్లు ఆగాయి. బక్కయ్య రోజూ కోరుట్ల దీక్షా శిబిరానికి పోయాడు. తర్వాతి సోమవారం ఆర్టీసీ కూడా సమ్మెలోకి దిగింది. డిపో గేటుకు తాళం పడింది. నరేశ్ ఇంట్లో ఉన్నాడు. అతని భార్య భాగ్య నెలలు నిండి రాయికల్‌లో పుట్టింట్లో ఉంది. అతనికి చేయడానికి పని లేదు. తండ్రి ఉన్నాడు.

పొద్దున ఆరింటికి ఎత్తుకొని దొడ్డికి తీసుకుపోయేవాడు. ఆగయ్య సన్నటి మనిషి. రోగం వచ్చాక ఇంకా సన్నబడ్డాడు. మొదటి రోజుల్లో కుడిచేయి మంచానికి ఆనించి లేవబోయేవాడు.

"ఆగురా. లేస్తున్న."

"నీకెందుకు బాపూ తక్లీబు. నేను లేనా?"

లేచేలోగా అతను గాలిలో ఉండేవాడు. ఎడమ భుజం కొడుకు మెడ చుట్టూ లాగబడి నొప్పి పెట్టేది. చెప్పలేదు.

పక్కింటి సమ్మవ్వ గోడ మీంచి చూసి లసుమవ్వతో అంది. "గసొంటి కొడుకు ఎవలకుంటడే. మావోడు కాళ్లు మొక్కినా మంచినీళ్లియ్యడు."

"నీ కొడుకుది కూడా సమ్మెనే గదా" అంది లసుమవ్వ.

"వాడు పుట్టినకాన్నుంచి సమ్మెనే."

పదింటికి నరేశ్ శిబిరానికి పోయేవాడు. రెండింటికి వచ్చేవాడు. ఆ నాలుగు గంటలు ఆగయ్య ఆపుకొని పడుకునేవాడు. కొన్ని రోజులకు నీళ్లు తాగడం తగ్గించాడు. లసుమవ్వ చెంబు తెస్తే గోడ వైపు తిరిగేవాడు. చేతికర్ర మూల నిలబడి ఉంది. దాని మీద నరేశ్ తువ్వాలు ఆరేసేవాడు.

మూడు వారాలకు సరిత రావాలి. బస్సులు లేవు. ఫోను చేసింది.

"కడ్డీలు పెట్టిన్రా?"

"సమ్మె అయినంక పెట్టిస్త మేడం. బాపు మంచిగున్నడు. ఏం తిప్పల లేదు."

"లేస్తుండా?"

"నేను లేపుతున్న గదా."

"ఎత్తకున్రి నరేశ్. కనీసం మంచం కింద దిమ్మలు పెట్టున్రి. దానికి సిమెంటు అక్కెరలేదు. ఆయననే లేవనియ్యున్రి, రోజుకు పదిసార్లు."

"సరే మేడం."

అతను దిమ్మల కోసం పెరట్లో వెతికాడు. ఒకే ఎత్తువి మూడు దొరికాయి. నాలుగోది రేపు చూద్దామనుకున్నాడు. మరునాడు జాతీయ రహదారి మీద సమ్మెవాళ్ల వంటావార్పు. దానికి పోయాడు.

అక్టోబరు మధ్యలో బస్సులు కదిలాయి. నరేశ్‌కు సిరిసిల్ల బస్సు, పొద్దున అయిదుంబావు. తెల్లవారుజామున తండ్రిని ఒకసారి దొడ్డికి తీసుకుపోయి డ్యూటీకి పోయాడు. తొమ్మిదింటికి ఆగయ్య భార్యను పిలిచాడు. లసుమవ్వ మంచం పక్కకు వచ్చింది.

"లేవు. నేను పట్టుకుంట."

అతను పాదాలు కింద పెట్టాడు. ఎడమ మడమ నేలకు ఆనలేదు. వేళ్లు మాత్రమే ఆనాయి. కుడిచేత్తో ఒత్తాడు. నడుము లేవలేదు. మళ్లీ ఒత్తాడు. లసుమవ్వ నడుం చుట్టూ చేతులు వేసి లాగింది. ఇద్దరూ మంచానికీ గడపకూ మధ్య కూలబడ్డారు. దెబ్బ తగల్లేదు. సమ్మవ్వ వచ్చేదాకా అక్కడే కూర్చున్నారు. అప్పటికి నేల తడిసింది.

రెండు రోజుల తర్వాత సరిత వచ్చింది. నరేశ్ సెలవు పెట్టాడు. పెరట్లో ఇసుక పోసి ఉంది. గోడకు ఆనించి ఇనుప గొట్టాలు ఉన్నాయి. బక్కయ్య గడ్డపార పట్టుకొని నిలబడ్డాడు.

"ఇయ్యాలనే అన్ని పెట్టిస్త మేడం. మీరు రాసినయి ఒక్కటి తప్పకుంట."

ఆమె మంచం దగ్గరికి పోయింది. ఆగయ్య పాదాన్ని చేతిలోకి తీసుకొని మెల్లగా పైకి వంచింది. సగంలో ఆగిపోయింది. మోకాలు పూర్తిగా సాగలేదు. ఎడమ భుజం తాకితే కళ్లు మూసుకున్నాడు. లేవమంది. మూడుసార్లు ప్రయత్నించాడు. నాలుగోసారి ఆమే వద్దంది.

"నరేశ్, కడ్డీ నిలబడేటి మనిషికి. ఇప్పుడాయన నిలబడ్తలేడు."

"మొన్నటిదాక నడిచిండు గదా."

"అవును."

"నేనే గదా..." అని ఆగాడు. బక్కయ్య గడ్డపార కింద పెట్టాడు.

"మల్ల నడుస్తడా మేడం?"

"జగిత్యాలకు తీసుకరాన్రి. కాలు, భుజం డాక్టరుకు జూపిచ్చి, ఫిజియోతోని మొదలువెడుదాం. అవి ఎంత సాగుతయో, సాగుతయో లేదో, ఇప్పుడు జెప్పలేను. గప్పటిదాక..."

ఆమె కొత్త కాగితం తీసి రాసింది. మంచం పక్కనే, కుడి వైపు, గిన్నె ఉన్న కుర్చీ. కుర్చీ అంచుతో సమానంగా మంచం. జరపడానికి ఇద్దరు. నడుముకు పట్టీ. రోజుకు ఇన్ని నీళ్లు. వాకిలి తలుపుకు తెర. రాస్తున్నంతసేపూ ఆగయ్య ఆమె చేతిని చూశాడు.

"ఈన్నేనా? ఇంట్లనేనా?" అన్నాడు. ఆ గదిలోనే ఒక మూల పొయ్యి ఉంది.

"ఇప్పటికి ఈన్నే తాతా."

కేంద్రం నుంచి తెచ్చిన కుర్చీని ఆమె మంచానికి ఆనించి పెట్టింది. బక్కయ్య నాలుగు కొత్త దిమ్మలు కోసి మంచం ఎత్తాడు. సరిత లసుమవ్వకు చూపించింది. పట్టీ ఎక్కడ పట్టుకోవాలి, మోకాలికి మోకాలు ఎట్లా ఆనించాలి. నరేశ్ ముందుకు వచ్చాడు. ఆగయ్య అన్నాడు. "నువ్వద్దు."

ఇద్దరు ఆడవాళ్లూ కలిసి అతన్ని జరిపారు. కుర్చీ మీదికి వచ్చాడు. కుడిచేత్తో దాని చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"బయటుండున్రి."

"తాతా, ఒక్కనివి..."

"తలుపు మూయకున్రి. బయటుండున్రి."

నలుగురూ వాకిట్లో నిలబడ్డారు. సరిత తలుపు సందు దగ్గర, మొహం పక్కకు తిప్పుకొని. లసుమవ్వ గోడకు ఆనుకొని. బక్కయ్య, నరేశ్ కొంచెం అవతల. రోడ్డు మీద జగిత్యాల బస్సు పోయింది. నరేశ్ దాని నంబరు కూడా చూడలేదు.

"అయినంక పిలువు తాతా" అంది సరిత.

లోపలి నుంచి మాట రాలేదు. అయిదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. సందులోంచి అతని కుడిచేయి కనిపిస్తోంది, కుర్చీని పట్టుకొని. దాని పట్టు సడలలేదు. పిలవాల్సింది అతను. నరేశ్ రెండుసార్లు గడప దాకా పోయి వచ్చాడు.