తెలియని నంబర్లకు తాళం

నా ఫోన్ నంబరును లోకానికి పంచిపెట్టిన ఘనుడు మరెవరో కాదు, నేనే. కరీంనగర్‌లో కొత్తగా తెరిచిన బట్టల దుకాణంలో లక్కీ డ్రా కూపన్ చేతిలో పెట్టారు. తెలుగు పంతులి చేతిరాత ఎలా ఉంటుందో చూపిద్దామని ఒక్కో అంకెనూ గుండ్రంగా చెక్కి డబ్బాలో వేశాను. ఆఫర్ల గురించి నాకు ఫోన్ చేయడానికి ఒప్పుకుంటున్నానని కూపన్ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉందట. పిల్లల నోటుబుక్కుల్లో పోయిన దీర్ఘాలను వెతికి పట్టుకునే కళ్లకు అది ఆనలేదు. మొదటి బహుమతిగా పెట్టిన స్కూటరు నాకు రాలేదు. లక్కు మాత్రం నా నంబరు దొరికినవాళ్లందరికీ తగిలింది.

రెండో తెలివితక్కువతనం నా మర్యాద. ప్లాట్లు కొనమన్నవాళ్లకూ, లోన్ తీసుకోమన్నవాళ్లకూ, లేని కారుకు ఇన్సూరెన్సు చేయిస్తామన్నవాళ్లకూ ఒకటే జవాబు చెప్పేవాణ్ణి: "ఇప్పుడు వద్దు బాబూ." ఉత్త "వద్దు" అంటే మొహం మీద తలుపేసినట్టుంటుందని ముందు "ఇప్పుడు" తగిలించేవాణ్ణి. వాళ్లకు ఆ "ఇప్పుడు" ఒక్కటే వినిపించేది. ఇప్పుడు వద్దంటే తర్వాత కావాలనే కదా! ఏళ్ల తరబడి వ్యాకరణం చెప్పినవాణ్ణి ఒక్క అవ్యయం ముంచేసింది. అందరిలోకీ పట్టుదల గలవాడు లోన్ కుర్రాడు. వాడి గొంతు నాకు మా హెడ్మాస్టరు గొంతు కంటే బాగా గుర్తుండేది. లోన్ తీసుకోలేదుగానీ వాడికి నేను లోనైపోయాను.

చివరికి మా వీధి మలుపులో ఫోన్లు బాగుచేసే భాయ్ దగ్గరికి వెళ్లాను.

"గీ స్పామ్ అంటే ఏంది భాయ్, పామా?"

"కాటెయ్యది సార్, గానీ దినమంత బుసకొడ్తనే ఉంటది. ఫికర్ చెయ్యకుండ్రి, డీఎన్‌డీ, గదే డు నాట్ డిస్టర్బ్, పెడదాం," అని నా ఫోన్ తీసుకుని స్టార్ట్ జీరో అని టైపు చేసి 1909కి మెసేజ్ పంపాడు. నమోదైనట్టు కాసేపటికి జవాబు వచ్చింది. "బ్యాంకు మెసేజులు, ఓటీపీలు వస్తయి. కంపెనీలోళ్ల ప్రచారాలు బంద్ అయితయి. జర టైమ్ పడ్తది."

"లోన్ పిలగాడు?"

"వాడు మీలెక్కనే, నాలెక్కనే మామూలు పదంకెల నంబర్‌తోని చేస్తుండు సార్. గసుంటోళ్లు డీఎన్‌డీకి ఆగరు. చేసినప్పుడల్ల గదే 1909కి కంప్లైంట్ కొట్టాలె. అప్పుడు వాని నంబర్‌కే ఎసరు."

నాకు అంత ఓపిక ఎక్కడిది? కొన్నాళ్లకు ప్లాట్లు పోయాయి, ఇన్సూరెన్సు పోయింది. లోన్ కుర్రాడు ఒక్కడే మిగిలాడు. ఒక ఆదివారం నేనే ఫోన్ సెట్టింగుల్లోకి దిగాను. 'కాంటాక్టుల్లో లేని నంబర్లను బ్లాక్ చేయి' అని ఒక మీట కనబడింది. డీఎన్‌డీకి తరువాయి భాగం ఇదే కాబోలనుకుని నొక్కేశాను. ఆ తర్వాత నా ఫోనంత పెద్దమనిషి కరీంనగర్‌లో లేడు. మోగదు, మూలగదు. డీఎన్‌డీకి దండం పెట్టి, స్టాఫ్ రూమంతా తిరిగి చెప్పుకున్నాను.

నా తమ్ముడు ఉట్నూర్‌లో జీపు నడుపుతాడు. అడవి ఊళ్ల నుంచి జనాన్ని సంతకూ ఆస్పత్రికీ తీసుకురావడం, మళ్లీ దింపిరావడం వాడి పని. వాడి ఫోన్ పొద్దున బాగానే బయల్దేరి మధ్యాహ్నానికి ప్రాణం వదులుతుంది. అప్పుడు జీపులో ఎవరి దగ్గరుంటే వాళ్ల ఫోన్ అడుక్కుని నాకే చేస్తాడు, ఎందుకంటే వాడికి కంఠతా వచ్చిన నంబరు నాదొక్కటే. నేను ఈ నంబరు తీసుకున్న కొత్తలో ఎక్కంలాగా వాడితో వల్లె వేయించాను. పెళ్లాం నంబరు ఫోన్లో ఉందిలే అని నేర్చుకోలేదు. కాబట్టి వాడు ఎక్కడ ఆగినా కబురు ముందు కరీంనగర్‌కు వచ్చి, నా మీదుగా ఉట్నూర్‌లోని మా మరదలికి చేరేది.

ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. సాయంత్రం మరదలు ఫోన్ చేసింది. ఆమె నంబరు నా కాంటాక్టుల్లో ఉంది కాబట్టి మోగింది.

"బావా, ఆయన మీకేమన్న ఫోన్ జేసిండా?"

"రాలేదమ్మా. ఎటు పోయిండు?"

"వాగు అవతలి ఊళ్లకు. పొద్దుగాల్ల పోయిండు. ఫోన్ స్విచాఫ్ వస్తుంది. ఈడ వాన దంచుతుంది బావా."

"సిగ్నల్ ఉండకపోవచ్చు. ఎక్కడున్నా నాకు చేస్తడు కదా."

"గదే నా ధైర్యం," అంది.

ఆమె ధైర్యం నా చేతిలో చల్లగా, చప్పుడు లేకుండా పడి ఉంది. ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాను. టీవీలో ఎక్కడిదో వాగు, నీళ్లలో పక్కకు ఒరిగిన ఒక బండి. వేరే జిల్లా అని కింద రాసి ఉన్నా నా కళ్లు బండి రంగునే వెతికాయి. మరదలు మళ్లీ చేసింది. మళ్లీ "రాలే" అన్నాను. ఆమె వెనక రేకుల మీద వాన చప్పుడు వినిపించింది.

మా ఆవిడ చాయ్ తెచ్చి చేతికిచ్చి, ఫోన్ వంక అనుమానంగా చూసింది.

"ఏందండీ, గీ నడుమ మీకు ఒక్క కొత్త నంబరు నుంచన్న ఫోన్ వచ్చిందా?"

"రాలే. అదే కదా హాయి."

"గ్యాస్ పిలగాడు బుక్ జేస్తే వచ్చి, ఫోన్ కలుస్తలేదని వాపసు పోయిండు. మొన్న స్కూల్ ఆటో ఆయన గూడ గదే అన్నడు." ఆమె నా ఫోన్ వైపు వేలు చూపింది. "మరిది వేరేటోళ్ల ఫోన్ నుంచే గద చేస్తడు?"

చాయ్ గ్లాసు నా చేతిలోంచి జారకుండా కింద పెట్టానని చెప్పుకోవాలనుంది గానీ, జారింది.

ఆమె పక్కింటి అవ్వ ఫోన్ అడిగి తెచ్చింది. ఆ నంబరు నా దగ్గర లేదు. నా ఎదురుగానే నిలబడి నాకు చేసింది. ఆమె చెవి దగ్గర ఒక్క రింగు, వెంటనే బిజీ టోను. నా ఫోన్ కన్నైనా తెరవలేదు. మళ్లీ చేసింది. ఒక్క రింగు, బిజీ. ఆమె ఆ ఫోన్‌ను నా ఒళ్లో పెట్టింది.

వెంటనే ఆ మీట కట్టేశాను. బ్లాక్ అయిన కాల్స్ తెరిచాను. మధ్యాహ్నం నుంచి మళ్లీ మళ్లీ ప్రయత్నించిన ఒక కొత్త నంబరు. దానికి తిరిగి చేశాను. అవతల అడవి ఊళ్లోని కిరాణా దుకాణం ఆయన.

"జీపాయన అన్ననా? మా ఫోన్‌తోనే మీకు కొట్టీ కొట్టీ అలిసిపోయిండు. 'మా అన్న ఎవలతోనో పెద్ద ముచ్చట్ల పడ్డడు' అని నవ్విండు గూడ."

"ఇప్పుడు ఎక్కడున్నడు?"

"రాత్రికి ఈడనే పండుకుంటనని మీతోని ఇంట్ల చెప్పిద్దామనుకున్నడు. కబురు అందుతలేదాయె. ఇంట్లామె పరేషాన్ అయితదని బండెక్కి పోయిండు."

"ఎటు?"

"ఎటేంది సారూ, వాగు దిక్కే."

నేను హాయిగా కూర్చున్న నిశ్శబ్దం తమ్ముణ్ణి వాగులోకి తోలింది. వాడు ఆగుదామనుకున్నాడు. ఆగనివ్వనిది నా ఫోన్.

మరదలికి చేసి దుకాణం ఆయన చెప్పింది చెప్పాను, వాగు మాట మింగి.

"బయల్దేరిండట్నా?" అంది. "బావా, రావాల్నంటే వాగు దాటాలె గద."

ఆమెతో ఎక్కువసేపు మాట్లాడితే లైను బిజీ వస్తుందేమోనన్న భయంతో ఫోన్ పెట్టేశాను. ఇక ఎవరికీ చేయలేదు. పోలీసులకు చేద్దామా అంటే ఆ నిమిషంలోనే వాడు చేస్తాడేమోనని ఆగాను. మా ఆవిడ తన ఫోన్‌తో ఉట్నూర్‌లో తెలిసిన వాళ్లకల్లా చేస్తోంది. నేను నా ఫోన్‌ను రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాను, దాన్ని అదిమితే మోగుతుందేమోనన్నట్టు.

మోగింది. కొత్త నంబరు.

"తమ్మీ!" అని అరిచాను.

"నమస్తే సార్, పర్సనల్ లోన్ గురించి..."

అదే గొంతు. ఎన్నాళ్లకో తలుపు తెరుచుకున్న సంబరం అందులో. "సార్, మీరు ఇప్పుడు వద్దన్నరు గద, గందుకే మళ్ల..." ఇంకేదో అంటున్నాడు, ఇంతలో చెవిలో టిక్కు టిక్కుమని రెండో కాల్ చప్పుడు. తెర మీద పేరు లేని ఇంకో నంబరు. నా చేతులకు కట్ చేసే మీట ఏదో, మార్చే మీట ఏదో తెలియలేదు. వాడు వడ్డీ చెబుతున్నాడు. ఆ టిక్కు ఆగిపోతుందేమోనన్న భయం నాకు జన్మంతా ఉంటుంది. నొక్కాను. ఏది నొక్కానో దేవుడికి తెలుసు.

"అన్నా," అంది అవతల గొంతు, "ఖాళీ అయినవానే?"

ఫోన్‌ను చెవికి ఇంకా అదుముకున్నాను.

"జీపు ముందు చక్రాలు వాగుల దించిన. నీళ్లకు బండి ఊగింది. అవతలి ఒడ్డు కాడ ఒకాయన టార్చి ఊపుకుంట ఒర్లుతుండు, రాకు రాకు అని. రివర్స్ కొట్టిన. గిప్పుడు దుకాణం కాడికి వాపసొచ్చిన. ఆమెకు చెప్పు. అన్నా... ఏడుస్తున్నవా ఏంది?"

"లేదురా. లైన్ల గరగర వస్తుంది," అన్నాను.

మరదలికి చెప్పాను. ఆమె కూడా లైన్లో గరగర వస్తోందంది.

మర్నాడు తమ్ముడికి రెండో ఎక్కం నేర్పాను, పెళ్లాం నంబరు. తప్పులు లేకుండా ఒప్పజెప్పేదాకా వదల్లేదు. ఆ తర్వాత భాయ్ చెప్పినట్టే, లోన్ కుర్రాడి నంబరు, చేసిన తేదీ, ఏం అమ్మబోయాడో రెండు ముక్కలు రాసి 1909కి పంపాను. ఫిర్యాదు నమోదైందని మెసేజ్ వచ్చింది. నాలాగా ఇంకెంతమంది ఇచ్చారో తెలియదు. తెలియని నంబర్ల మీది తాళం మాత్రం మళ్లీ వేయలేదు. ఇప్పుడు ఏ కొత్త నంబరు మోగినా గుండె ముందు వాగు దగ్గరికి వెళ్లి వస్తుంది.

కొన్నాళ్లకు అలా ఒకటి మోగింది. గుండె వాగు దాకా వెళ్లింది. "నమస్తే సార్, పర్సనల్ లోన్..."

"నువ్వేనా బాబూ? నంబరు మార్చినట్టున్నవ్?"

"పాతది బంద్ జేసిండ్రు సార్. ఎవలో కంప్లైంట్లు ఇచ్చిండ్రట." గొంతులో నిజమైన దిగులు. "లోన్ కావాల్నా సార్?"

"ఇప్పుడు వద్దు," అన్నాను, ఎప్పటి మర్యాదతోనే. "గా కొత్త నంబరు జర మెల్లగ చెప్పు. గుండ్రంగ రాసుకుంట."