నాలుగు మూతల మందు

ఆ పాత కాగితం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దాన్ని రాసింది నేనే కాబట్టి ఇంకాస్త ఎక్కువ మండుతుంది.

అడవిలోని అన్నలూ, వాళ్లను వెతికే పోలీసులూ పల్లెలను నిద్రపోనివ్వని ఏళ్లవి. జగిత్యాల వ్యవసాయ కార్యాలయంలో నేను విస్తరణాధికారిని. పత్తి పురుగు మందుల మీద ఇంగ్లీషులో వచ్చిన సలహాపత్రాన్ని తెలుగు చేయమంటే చేశాను. "లీటరు నీటికి 1.6 మి.లీ. చొప్పున కలిపి చల్లని వేళ పిచికారీ చేయవలెను. తగు జాగ్రత్తలు పాటించవలెను." ఆ జాగ్రత్తలేమిటో రాయలేదు. పైవాళ్లు మెచ్చుకుంటే పొంగిపోయాను, సిగ్గులేకుండా.

ఒకరోజు పెగడపల్లి వైపు నుంచి ఒకామె వచ్చింది. కల్లు గీయడానికి తాళ్లెక్కే భర్త ఆ ఏడు ఎకరం పత్తి వేశాడట. ముందురోజు మిట్టమధ్యాహ్నం మందు కొడుతూ చేన్లోనే పడిపోతే పెద్దాసుపత్రిలో చేర్చింది. బతికాడు కానీ ఇంకా లేవలేదు. ఆమె నా బల్ల మీద రెండు పెట్టింది. ఒకటి మందు సీసా మూత, రెండోది అతని జేబులో దొరికిన నా కాగితం.

"సగం చేను మిగిలింది సారూ. ఎల్లుండి నేను కొడ్త. గిండ్ల ఏం రాసిన్రో సదివి చెప్పుండ్రి."

చదివాను. ఆమె ముఖంలో ఏమీ మారలేదు.

"గా మిల్లీలు మాకేం ఎరుక? దుకాణపాయిన పంపుకు నాలుగు మూతలు పొయ్యిమన్నడు. పోసినం."

మూతను నీళ్లతో నింపి, ఆఫీసులోని కొలగ్లాసులో పోసి చూశాను. పదిహేను మిల్లీలీటర్లు. అంటే నాలుగు మూతలకు అరవై. పదహారు లీటర్ల పంపుకు పడాల్సింది పాతికే. రెండింతలకు మించి మోసుకు తిరిగాడు పాపం, వీపు మీద!

"ఎండల ఎందుకు కొట్టిన్రు చెల్లె? సల్లని యాళ్ల, పొద్దుగాల కొట్టుమనే గద రాసిన!"

ఆమెకు కోపం ముంచుకొచ్చింది. "పొద్దుగాల నీళ్లేడియి సారూ? కరెంటు పన్నెండు గొట్టంగ అస్తది. మోటరు నడిస్తెనే నీళ్లు. నీళ్లుంటెనే మందు. గంత సదివిండ్రు, గీ ముచ్చట ఎరుక లేదా?"

తెలుసు. కరెంటు ఎప్పుడొస్తుందో జిల్లాలో చిన్నపిల్లలకూ తెలుసు. రాసేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు. చెంప మీద కొట్టినట్టయింది.

అక్కడే కూర్చుని మళ్లీ రాశాను. ఒక్కో మాటా చదివి వినిపించాను. ఆమె తలూపితేనే ఉంచాను.

"ముందురోజు కరెంటు ఉన్నప్పుడే డ్రమ్ములో నీళ్లు పట్టి పెట్టుకోండి. తెల్లారి గాలి లేనప్పుడు కొట్టండి. ఎండలో వద్దు. పదహారు లీటర్ల పంపుకు ఈ మందు పాతిక మిల్లీలీటర్లే. గీతలున్న కొలగ్లాసుతో కొలవండి. మూతతో వద్దు, కంపెనీకో సైజు మూత ఉంటుంది. ఆ గ్లాసు ఇంట్లోకి తేవద్దు. కట్టెతో కలపండి, చేత్తో కాదు."

"నేను చేత్తోనే కలిపిన" అంది మెల్లగా, చేతులు చూసుకుంటూ.

గాలికి ఎదురుగా కొట్టొద్దని, ముక్కుకూ నోటికీ గుడ్డ, నిండు చేతుల అంగీ అని, మధ్యలో బీడీ వద్దని, అయ్యాక సబ్బుతో స్నానమని రాశాను. నోట్లో నీళ్లూరినా, చెమటలు పోసినా, కళ్లు మసకబారినా పంపు దించి, బట్టలు విడిచి, ఒళ్లు కడిగి, సీసాతో సహా ఆసుపత్రికి పొమ్మని రాశాను. ఆఫీసు కొలగ్లాసొకటి ఆమె చేతిలో పెట్టాను.

మా అధికారి ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"ఇదేం భాషయ్యా? అన్నల కరపత్రంలా ఉంది. ఊళ్లలో పంచితే పోలీసులు నన్నడుగుతారు. సంతకం పెట్టను."

"మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు సార్."

"పాతదానిలో తప్పేముంది? మోతాదు సరిగ్గానే ఉందిగా!"

సరిగ్గానే ఉంది. అదే కదా నా కడుపుమంట! స్టెన్సిల్ నేనే కోసి, సైక్లోస్టయిల్ యంత్రం మీద ప్రతులు తిప్పి, కింద నా సంతకం పెట్టుకున్నాను. మొదటి ప్రతి, బయట ఎదురుచూస్తున్న ఆమెకే ఇచ్చాను.

వారం తర్వాత వాళ్ల ఊరు వెళ్లాను. భర్త నులకమంచం మీద కూర్చుని గంజి తాగుతున్నాడు. కాగితం మోటారు స్టార్టరు డబ్బాకు అంటించి ఉంది. "తెల్లారంగ కొట్టిన సారూ. ఏం కాలె" అంది ఆమె. ఆ మాటకు నా కళ్లు తడిశాయి.

తిరిగొచ్చేసరికి బల్ల మీద మెమో. అనుమతి లేకుండా, కార్యాలయ గౌరవానికి తగని భాషలో కరపత్రం వేసినందుకు సంజాయిషీ చెప్పాలట.

చెప్పాను. "మనిషిని పడగొట్టిన పాత కాగితం కూడా నేనే రాశాను. దానికి మెమో ఎందుకివ్వలేదు?"